పందులకు జ్వరం తగ్గట్లేదు, రెండు చనిపోయాయి: ఇప్పుడు స్వైన్ ఫీవర్ టీకా వేయించవచ్చా?

ప్రశ్న: మా షెడ్డులో చిన్నా పెద్దా కలిపి 40 పందులున్నాయి. ఐదు రోజుల క్రితం ఒక గదిలో నాలుగింటికి జ్వరం వచ్చింది. యాంటీబయాటిక్ ఇంజక్షన్లు చేయించినా తగ్గలేదు, నిన్న రెండు చనిపోయాయి. చెవులు ఎర్రబడ్డాయి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుంటున్నాయి. చిన్నప్పుడు స్వైన్ ఫీవర్ టీకా ఒకసారి వేయించాను. ఇప్పుడు మళ్ళీ అన్నిటికీ టీకా వేయించాలా? లేక బాగున్నవాటిని వెంటనే అమ్మేయడం మేలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మకండి. టీకా కూడా ఈ రోజు మీ అంతట మీరు వేయించకండి. ముందు షెడ్డు తలుపు మూసి, పందిగానీ మాంసంగానీ ఎరువుగానీ బయటికి పోకుండా ఆపండి. ప్రభుత్వ పశువైద్యాధికారికి "స్వైన్ ఫీవర్ అనుమానం" అనే మాట వాడి కబురు చేయండి. రక్తం, అవయవాల నమూనాలు ల్యాబుకి వెళ్ళాక, మీ చోట నిబంధనలు అనుమతిస్తే, జ్వరం లేని గదుల్లో టీకా వేయడం గురించి ఆలోచించవచ్చు. జ్వరం ఉన్న గదిలో టీకా వల్ల లాభం లేదు.

నేను పశువైద్యుడిని. ఇరవై ఏళ్ళకు పైగా ఎక్కువగా పందుల షెడ్ల చుట్టూనే తిరిగాను. మీరు చెప్పిన లక్షణాలు క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కి సరిపోతున్నాయి. కానీ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి కూడా అంతే సరిపోతాయి. ఈ రెండింటినీ చూపుతో తేల్చగలను అని ఎవరైనా అంటే నమ్మకండి, నేను అన్నా సరే. పేర్లు దగ్గరగా ఉన్నా వైరస్‌లు వేరు, ఒకదాని టీకా రెండోదానికి పనిచేయదు. మనుషులకు వచ్చే స్వైన్ ఫ్లూతో అయితే రెండింటికీ ఏ సంబంధమూ లేదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ పందులకూ అడవి పందులకూ తప్ప ఇంకెవరికీ రాదు, కాబట్టి మీ ఇంట్లోవాళ్ళ గురించి భయపడనవసరం లేదు.

యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదు

ఇది వైరస్ జబ్బు. దీనికి మందు లేదు. ఇంజక్షన్ వేసిన రోజు జ్వరం కాస్త దిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మనవాళ్ళు దాంతోపాటు జ్వరం తగ్గించే మందు కూడా కలిపి వేస్తారు. మర్నాటికి మళ్ళీ మొదటికొస్తుంది. రెండు మూడు రోజుల యాంటీబయాటిక్ తర్వాత కూడా జ్వరం దిగకుండా, ఒక పంది నుంచి పక్క పందికి పాకుతూ పోతుంటే, నేను మందు మార్చడం మానేసి ఫోను తీస్తాను. ఎర్ర మచ్చలతో జ్వరం వచ్చే బ్యాక్టీరియా జబ్బులు కొన్ని ఉన్నాయి. ఉదాహరణకు ఎరిసిపెలాస్‌లో చర్మం మీద చతురస్రాకారంలో ఉబ్బిన మచ్చలు వస్తాయి. కానీ అది పెన్సిలిన్‌కి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే లొంగుతుంది. ఆ తేడా మనకి పెద్ద ఆధారం.

పంది మామూలు ఒంటి వేడి సుమారు 39 డిగ్రీల సెల్సియస్, అంటే 102 ఫారన్‌హీట్. ఈ జబ్బులో పెరిగే వయసు పందుల్లో 41 దాటుతుంది, 42 కూడా చూశాను. పెద్ద పందుల్లో 40 దగ్గరే ఆగిపోవచ్చు, తల్లి పందుల్లో ఒక్కోసారి రెండు రోజులు మేత మానేయడం తప్ప ఇంకేమీ కనిపించదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కింద చెప్పే కథంతా దాని మీదే ఉంది.

వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. ముందు మేత తగ్గుతుంది. చలి పట్టినట్టు గుంపుగా పడుకుంటాయి. కళ్ళ కలక వచ్చి రెప్పలు పుసితో అంటుకుంటాయి. మొదట మలం గట్టిగా గోలీల్లా వస్తుంది, తర్వాత పలచని విరేచనాలు. నాలుగైదు రోజులకి వెనక కాళ్ళు తూలడం మొదలవుతుంది, లేపి నడిపిస్తే తాగినవాడి నడకలా ఉంటుంది. చెవులు, పొట్ట కింద భాగం, తొడల లోపలివైపు ఎరుపు నుంచి ఊదా రంగుకి మారతాయి. ఊదా రంగు కోసం ఎదురు చూస్తే ఆలస్యమైపోతుంది, అది ఆఖర్లో వచ్చే గుర్తు. ముందుగా పట్టిచ్చేది థర్మామీటరే. మీ దగ్గర లేకపోతే ఈ రోజే ఒకటి కొనండి, నోట్ పుస్తకం కూడా.

అమ్మొద్దని ఎందుకు అంటున్నాను

బాగున్నట్టు కనిపించే పంది కూడా జ్వరం రాకముందే వైరస్‌ని లాలాజలంలో, మలమూత్రాల్లో వదులుతూ ఉండవచ్చు. మీరు ఈ రోజు అమ్మినది వారానికి ఇంకొకరి షెడ్డులో జబ్బు పడుతుంది. అమ్మినవాడు, కొన్నవాడు, మధ్యలో బండి తోలినవాడు, ముగ్గురూ మునుగుతారు. కోసి మాంసంగా అమ్మడం ఇంకా అన్యాయం, ఎందుకంటే ఈ వైరస్ చల్లని మాంసంలో వారాల తరబడి, గడ్డకట్టిన మాంసంలో ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది. ఆ మాంసం కడిగిన నీళ్ళో, మిగిలిన ముక్కలో ఎవరి పందుల తొట్టిలోకో చేరితే చాలు. మిగిలిపోయిన తిండి పెట్టి పెంచే షెడ్లకి జబ్బు ఎక్కువగా ఈ దారినే వస్తుంది.

ఆలస్యం ఎంత ఖరీదో చెప్పడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ నెదర్లాండ్స్. అక్కడ 1997 ఫిబ్రవరిలో ఈ జబ్బు బయటపడింది. అప్పటికే అది కొన్ని వారాలుగా ఎవరికీ తెలియకుండా షెడ్ల మధ్య తిరుగుతోంది. మందు మీద మందు మారుస్తూ గడిచిన రోజులే అవి. కృత్రిమ గర్భధారణ కేంద్రాల్లోని మగ పందులకి కూడా అంటుకుంది, వీర్యం ద్వారా కూడా ఈ వైరస్ పోతుంది. చివరికి 429 ఫారాల్లో జబ్బు తేలింది. చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవీ, రాకపోకలు ఆగిపోయి చోటు చాలక ఇరుక్కుపోయినవీ కలిపి కోటికి పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది. అంత వ్యవస్థ ఉన్న దేశంలోనే మొదటి కొన్ని వారాలు అలా జారిపోయాయి.

"టీకా వేశాను కదా, మరి ఎందుకొచ్చింది?"

మీరు ఈ మాట అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. దీనికి జవాబు ఒక షెడ్డు కథతో చెబుతాను. మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఆ షెడ్డులో 54 పందులు. తల్లులు 5, మగ పంది 1, పిల్లలు 48. పిల్లలు ఐదు గదుల్లో ఉండేవి. ఒకటో గదిలో 8, రెండులో 9, మూడులో 12, నాలుగులో 10, ఐదులో 9. యజమాని జాగ్రత్తపరుడే. తల్లులకి టీకాలు వేయించేవాడు, పిల్లలకి సరిగ్గా 21వ రోజున ఒక డోసు వేయించేవాడు. అంతటితో అయిపోయిందని అనుకున్నాడు.

ఒక రోజు మూడో గదిలో మూడు పిల్లలు మేత ముట్టలేదు. వాటి వయసు 66 రోజులు. జ్వరం 41 దాటింది. పెన్సిలిన్, జ్వరం మందు పడ్డాయి. నాలుగో రోజుకి ఏడింటికి వచ్చింది, మూలకి చేరి కుప్పగా పడుకున్నాయి. ఆరో రోజుకి రెండు చచ్చిపోయాయి, అప్పుడు నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి రెండో గదిలో కూడా నాలుగు మందకొడిగా ఉన్నాయి.

చచ్చినదాన్ని కోసి చూశాను. కిడ్నీ పైపొర తీస్తే సూదితో పొడిచినట్టు సన్నని ఎర్ర చుక్కలు. లింఫ్ గ్రంథులు ఉబ్బి, కోస్తే అంచులంతా రక్తంతో ఎర్రగా ఉన్నాయి. ప్లీహం పెద్దగా ఉబ్బలేదు, కానీ అంచున నల్లటి ముడులు, అంటే రక్తం అందక చచ్చిపోయిన భాగాలు కనిపించాయి. ఈ అంచు ముడులు క్లాసికల్‌ని గట్టిగా సూచిస్తాయి. ప్లీహం రెండింతలై, నల్లబడి, పట్టుకుంటే చితికిపోయేలా ఉంటే నా అనుమానం ఆఫ్రికన్ వైపు వెళ్ళేది. అయినా కాగితం మీద "అనుమానం" అనే రాశాను. మీరు మాత్రం చచ్చినదాన్ని కోయకండి. రక్తం చిందిన ప్రతి చోటా వైరస్ ఉంటుంది, దాన్ని శుభ్రం చేసే ఏర్పాటు లేకుండా కోయడం జబ్బుని మనమే చల్లడం. ఒక్క గదిలో ఉన్నదాన్ని కత్తితో, బూట్లతో షెడ్డంతా తిప్పినవాళ్ళని చూశాను.

ల్యాబుకి పంపినవి టాన్సిల్స్, ప్లీహం, కిడ్నీ, లింఫ్ గ్రంథి ముక్కలు, వేరువేరు డబ్బాల్లో. వైరస్ మొదట చేరేది టాన్సిల్స్‌లోకే కాబట్టి వాటిని ఎప్పుడూ వదలను. బతికున్నవాటిలో జ్వరం ఎక్కువ ఉన్న నాలుగింటి రక్తం, పేరుకోకుండా ఉంచే ఈడీటీఏ ట్యూబుల్లో తీశాను. ఐస్ మధ్య పెట్టి పంపాను. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించలేదు, ఫార్మలిన్‌లో వేయలేదు. పీసీఆర్ పరీక్షలో మూడో రోజుకి ఫలితం వచ్చింది. క్లాసికల్ ఉంది, ఆఫ్రికన్ లేదు.

యజమాని కాగితం చూసి "టీకా నకిలీదా?" అన్నాడు. కాదు. తప్పు తేదీలో ఉంది.

టీకా వేసిన తల్లి ముర్రుపాలలో రక్షణ పదార్థాలు పిల్లకి వస్తాయి. పుట్టిన మొదటి రోజులోనే పిల్ల వాటిని పీల్చుకుంటుంది. అవి పిల్లని వైరస్ నుంచి కాపాడతాయి, అలాగే టీకాలోని వైరస్‌ని కూడా పట్టి చంపేస్తాయి. చాలా దేశాల్లో టీకాగా వాడేది సి-స్ట్రెయిన్ అనే బలహీనపరిచిన బతికున్న వైరస్. అది ఒంట్లో కాస్త పెరిగితేనే రక్షణ పుడుతుంది. ముర్రుపాల రక్షణ దాదాపు 12 రోజులకి సగమవుతూ వస్తుంది అనుకోండి. 21వ రోజుకి పుట్టినప్పటి బలంలో ఇంకా మూడో వంతు దగ్గర మిగిలి ఉంటుంది. టీకాని వృథా చేయడానికి చాలాసార్లు అది చాలు. 60వ రోజుకి వచ్చేసరికి అదే ముప్పైరెండో వంతుకి పడిపోతుంది. అంటే ఆ పిల్లలకి తల్లి రక్షణ అరిగిపోయింది, టీకా రక్షణ పుట్టనే లేదు. 66వ రోజున మూడో గది పడిపోవడం అందుకే. నాలుగు, ఐదు గదుల పిల్లల వయసు అప్పటికి 50 రోజులే, వాటికింకా కొంచెం తల్లి రక్షణ మిగిలి ఉంది.

అందుకే, టీకా వేసిన తల్లుల పిల్లలకి నేను మొదటి డోసు 6 నుంచి 8 వారాల మధ్య వేస్తాను. తల్లికి టీకా లేకపోయినా, కొనుక్కొచ్చిన పిల్లల తల్లి సంగతి తెలియకపోయినా 2–3 వారాలకే వేసి, 8 వారాల దగ్గర ఇంకోటి వేస్తాను. తల్లులకి పిల్లలు పాలు మానాక, మళ్ళీ ఎదకి కట్టే ముందు. మగ పందిని మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది దాన్నే. ఏ కంపెనీ టీకాకి ఏ వయసో సీసా మీద రాసి ఉంటే ముందు దాన్ని పాటించండి.

తేదీ సరిగ్గా ఉన్నా టీకా చచ్చిపోయే దారి ఇంకోటుంది, అది వేడి. సి-స్ట్రెయిన్ టీకా పొడి రూపంలో 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. నీళ్ళు కలిపాక ఐస్ మీదే పెట్టి, గంట రెండు గంటల్లో అయిపోగొట్టాలి. పొద్దున కలిపిన సీసాని జేబులో పెట్టుకుని మధ్యాహ్నం దాకా వేసేవాళ్ళున్నారు. అలా వేస్తే పందికి ఎక్కేది నీళ్ళే. సూదిని, సిరంజిని స్పిరిట్‌లో ముంచి వెంటనే వాడినా అంతే. ఇవి కంటికి కనబడని తప్పులు, జబ్బు వచ్చేదాకా ఎవరికీ తెలియవు.

మరి వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ షెడ్డుకి మూడు నెలలుగా బయటి నుంచి ఎవరూ రాలేదు, మిగిలిన తిండి పెట్టలేదు, కొత్త పంది కొనలేదు. యజమాని ఒట్టు పెట్టి చెప్పాడు. నిజమే, కానీ మూడు నెలల క్రితం ఈనడానికి రెండు వారాలున్న ఒక తల్లి పందిని కొన్నాడు. అది ఆరోగ్యంగానే ఉంది. అది ఈనిన పిల్లలే ఒకటో గదిలోవి. తొమ్మిది పుట్టాయి, ఒకటి పుట్టుకతోనే వణుకుతూ రెండు రోజుల్లో చచ్చిపోయింది. మిగిలిన ఎనిమిది కాస్త సన్నగా ఉన్నా తింటున్నాయి, జ్వరం లేదు. జబ్బు వచ్చిన షెడ్డులో అన్నిటికంటే ఆరోగ్యంగా కనిపించిన గది అదే, నాకు అనుమానం వచ్చిందీ దాని మీదే.

ఆ ఎనిమిదింటి రక్తం కూడా పంపాను. ఐదింటిలో వైరస్ ఉంది, రక్షణ పదార్థాలు మాత్రం లేవు. విషయం ఏమిటంటే, చూలు పంది గర్భం సుమారు 50 నుంచి 70 రోజుల మధ్య ఉన్నప్పుడు ఈ వైరస్ సోకితే, కడుపులోని పిల్ల ఆ వైరస్‌ని తన ఒంటి భాగమే అనుకుంటుంది, దాని మీద పోరాడదు. పుట్టాక నెలల తరబడి బాగున్నట్టే తిరుగుతూ రోజూ వైరస్‌ని వదులుతూ ఉంటుంది. తర్వాత ఎప్పుడో సన్నబడి, కాళ్ళు తూలి చచ్చిపోతుంది. టీకా వేసినా దానికి పట్టదు. తల్లి మాత్రం రెండు రోజులు మేత మానేసి కోలుకుంటుంది. ఆ తల్లిని అమ్మినచోట వాకబు చేస్తే, అమ్మడానికి నెలన్నర ముందు అది రెండు రోజులు తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అంటే వైరస్ పన్నెండు వారాలుగా ఆ షెడ్డులోనే ఉంది. పక్క గదుల పిల్లలకి తల్లి రక్షణ ఉన్నంతకాలం కనబడలేదు, అది అరగగానే పడగొట్టింది. అందుకే మిమ్మల్ని కూడా అడుగుతున్నాను. గత నాలుగైదు నెలల్లో చూలు పందిని కొన్నారా? ఏ ఈతలోనైనా వణికే పిల్లలు, ఎండిపోయిన పిండాలు, చచ్చి పుట్టినవి వచ్చాయా? ఒకే ఈతలో పిల్లలు కారణం లేకుండా వెనకబడ్డాయా?

అనుమానం వచ్చిన రోజు నుంచి ఏం చేశాం

అధికారులు వచ్చి మొదటి మూడు గదుల్లో మిగిలినవన్నీ చంపి తీసేయాలని నిర్ణయించారు. వైరస్ వదిలే పిల్లలున్న ఒకటో గది, జ్వరాలున్న రెండు, మూడు గదులు. యజమాని ఒకటో గది దగ్గర వాదించాడు, "బాగున్నవాటిని ఎందుకు?" అని. రక్తం ఫలితం చూపించాక ఊరుకున్నాడు. చాలా దేశాల్లో ఇది రైతు ఇష్టం మీద వదిలే విషయం కాదు, చట్టం ప్రకారం తెలియజేయాల్సిన జబ్బు. కొన్ని చోట్ల షెడ్డు మొత్తం తీసేస్తారు, టీకా అసలు ఒప్పుకోరు. ఎందుకంటే సి-స్ట్రెయిన్ వేసిన పంది రక్తాన్ని, జబ్బు వచ్చి కోలుకున్న పంది రక్తాన్ని పరీక్షలో విడదీయలేం. అలా విడదీయగల మార్కర్ టీకాలు ఉన్నాయి, కానీ వైరస్ పైపొరలో ఉండే ఈ2 అనే ప్రోటీన్‌తో చేసినవి రక్షణ ఇవ్వడానికి సి-స్ట్రెయిన్ కంటే ఎక్కువ రోజులు తీసుకుంటాయి, రెండో డోసు కూడా కావాలి. మంట అంటుకున్న షెడ్డులో అన్ని రోజులు చేతిలో ఉండవు.

ఆ షెడ్డు ఉన్నచోట అత్యవసర టీకాకి అనుమతి ఉంది. మిగిలిన 19 పిల్లలకి, 6 పెద్దవాటికి ముందు థర్మామీటర్ పెట్టాం. నాలుగో గదిలో మూడింటికి 40 దాటింది, వాటిని తీసేశారు. మిగిలిన 22కి టీకా వేశాం. జబ్బు గదులకి దూరంగా ఉన్న చివరి గది నుంచి మొదలుపెట్టి దగ్గరికి వచ్చాం. ఒక పందికి ఒక సూది. ఈ జబ్బులో రక్తం నిండా వైరస్ ఉంటుంది కాబట్టి, ఒకే సూదితో పది పందులకి టీకా వేస్తే జబ్బుని మనమే వరసగా ఎక్కించినట్టు. మీరు జ్వరం గదిలో వేసిన యాంటీబయాటిక్ సూదినే పక్క గదిలో వాడారా? వాడి ఉంటే ఆ సంగతి డాక్టరుకి దాచకండి.

టీకా వేశాక మూడో రోజు నుంచి ఆరో రోజు లోపల నాలుగు పిల్లలకి జ్వరం వచ్చింది. యజమాని టీకా వల్లే వచ్చిందన్నాడు. అవి టీకా వేసేనాటికే వైరస్ సోకి, ఇంకా జ్వరం బయటపడనివి. సి-స్ట్రెయిన్ రక్షణ వారం తిరిగేసరికి గట్టిపడుతుంది. అప్పటికే సోకినదాన్ని ఏ టీకా కాపాడలేదు. ఇది ముందే చెప్పి వేయాలి, లేకపోతే ఊరంతా టీకా చెడ్డదనే మాట పాకిపోతుంది. ఆ నాలుగూ పోయాయి. రెండో వారం నుంచి కొత్త జ్వరం లేదు. 54లో 18 మిగిలాయి, 12 పిల్లలు, 6 పెద్దవి. మొదటి జ్వరం రోజునే పిలిచి ఉంటే ఎన్ని మిగిలేవో నేను లెక్క కట్టను, కానీ రెండో గది మిగిలేదని నాకు అనిపిస్తుంది.

చచ్చినవాటిని అధికారులు చూపిన చోట, బావికీ కాలువకీ దూరంగా, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం. కుక్కలు తవ్వకుండా పైన మట్టి బాగా ఎత్తు వేయాలి. కాలువలో పారేసినవాళ్ళని చూశాను, కింద ఉన్న షెడ్లకి పంపినట్టే.

గదుల శుభ్రం విషయంలో అందరూ చేసే తప్పు పేడ మీదే మందు కొట్టడం. పేడ, మేత జిగురు ఉన్నంతవరకూ ఏ మందూ లోపలికి దిగదు. ముందు గీకి, సబ్బు నీళ్ళతో కడిగి, ఆరనివ్వాలి. తర్వాత 2 శాతం కాస్టిక్ సోడా, అంటే 10 లీటర్ల నీళ్ళకి 200 గ్రాములు. సోడాని నీళ్ళలో కొంచెం కొంచెంగా వేయండి, సోడా మీద నీళ్ళు పోయకండి, మరిగి ముఖాన చిమ్ముతుంది. రబ్బరు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. అల్యూమినియం తొట్టెలని ఇది తినేస్తుంది, వాటికి వేరే మందు వాడండి. వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది కాబట్టి సబ్బుకే సగం బలహీనపడుతుంది. మొండితనం దానిది కాదు, పేడది. కడిగి మందు కొట్టాక ఆ మూడు గదుల్నీ 30 రోజులు ఖాళీగా ఉంచాం. తర్వాత మొదట నాలుగు టీకా లేని పిల్లల్ని మాత్రం పెట్టి, కొన్ని వారాలు చూసి, రక్తం పరీక్ష చేయించాకే మిగతావి తెచ్చాం. ఆ నాలుగూ కాపలాదార్ల లాంటివి. వైరస్ మిగిలి ఉంటే ముందు వాటిలోనే తెలుస్తుంది, నష్టం నాలుగుతో ఆగుతుంది.

మీరు ఈ రోజు చేయాల్సింది

జ్వరం గదికి ఒక మనిషిని కేటాయించండి. ఆ మనిషి వేరే గదుల్లోకి వెళ్ళకూడదు. అంతమంది లేకపోతే, ముందు బాగున్న గదుల పని ముగించుకుని ఆఖర్న జ్వరం గదికి వెళ్ళండి, బట్టలు, బూట్లు అక్కడే వదిలేయండి. బకెట్లు, పారలు కూడా ఆ గదివి ఆ గదిలోనే. చచ్చిన రెండింటిని పూడ్చేశారో లేదో రాయలేదు. పూడ్చకపోతే కుక్కలకి, పక్షులకి అందకుండా కప్పి, నీడలో ఉంచండి, డాక్టరు నమూనా తీసుకుంటారు. పూడ్చేసి ఉంటే తవ్వకండి, బతికున్నవాటి రక్తం చాలు. ఆ రక్తం తీసేదాకా జ్వరం మందు ఆపండి. జ్వరం దిగితే ఏది జబ్బుదో ఏది కాదో గుర్తుపట్టలేం.

రేపు పొద్దున మేత పెట్టే ముందు ప్రతి గదిలో అన్నిటికీ వేడి చూసి గదివారీగా రాయండి. మధ్యాహ్నం ఎండలో, తరిమి పట్టుకున్నాక చూస్తే ఆరోగ్యంగా ఉన్నది కూడా 40 చూపిస్తుంది, ఆ అంకె పనికిరాదు.

మిగిలిన తిండి పెట్టే అలవాటు మీకుంటే ఈ రోజుతో ఆపండి. ఎప్పటికైనా పెట్టక తప్పదంటే, 90 డిగ్రీల దగ్గర గంటసేపు కలుపుతూ మరిగించినది మాత్రమే. పైన పొంగు రాగానే దించేస్తే అడుగున ఉన్న ముక్కలకి ఆ వేడి చేరదు.

డాక్టరు వచ్చేలోపు ఇక్కడ నాలుగు విషయాలు రాయండి. జ్వరం వచ్చిన గది పిల్లల వయసు, వాటికి టీకా వేసిన తేదీ, వాటి తల్లులకి టీకా ఉందా లేదా, గత ఐదు నెలల్లో కొన్న పందులు. వయసూ తేదీ చూస్తే మీ టీకా పట్టిందా లేదా అన్నది నాకు చాలావరకు అర్థమవుతుంది, మిగతా గదుల్లో ఏది ముందు ప్రమాదంలో ఉందో కూడా చెప్పగలను.